నూట మూడు అడిగితే నూట రెండు

మా అత్తగారి ఊళ్లో పాలకేంద్రం నడిపేది మా బావమరిది. రెండు పూటలా పాలు పోయించుకుంటాడు, ఎవరివెన్ని లీటర్లో ఫ్యాట్ ఎంతో కంప్యూటర్లో రాసుకుంటాడు, పది రోజులకోసారి బిల్లు చేసి ఎవరి డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాలో వేస్తాడు. ఒక బిల్లు పడిన మర్నాడు ఒక పెద్దావిడ కేంద్రానికి వచ్చింది. పూటకు రెండు లీటర్ల చొప్పున పది రోజులూ పాలు పోసింది. లీటరుకు 52 రూపాయల లెక్కన 2,080 రూపాయలు రావాలి. ఆమె ఖాతాలో ఒక్క రూపాయి కూడా పడలేదు.

మావాడు షీటు తెరిచి చూశాడు. ఆమె పోసిన పాలు ప్రతి పూటా రాసే ఉన్నాయి. రేటు సరిగ్గా ఉంది, డబ్బు లెక్క సరిగ్గా ఉంది. నాకు ఫోన్ చేశాడు. "బావా, మొత్తం పైసాతో సహా టాలీ అయింది. లీటర్లూ సరిపోయాయి, బ్యాంకులోంచి పోయిన డబ్బూ సరిపోయింది. మరి ఆవిడ డబ్బు ఎటు పోయినట్టు?"

ఆ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మొత్తం సరిపోయిందంటే డబ్బు లెక్కలో తప్పు లేదు. తప్పు చిరునామాలో ఉంది. ఆ షీటులో చిరునామా వెతికిపెట్టే పని ఒకే ఒక్క ఫార్ములాది.

```
=VLOOKUP(B2,$J$2:$L$10,3)
```

B గడిలో పాలు పోసిన మనిషి సభ్యత్వ నంబరు ఉంటుంది. J నుంచి L దాకా సభ్యుల పట్టిక ఉంది: మొదటి నిలువు వరుసలో నంబర్లు, పక్కన పేర్లు, ఆ పక్కన ఖాతా నంబర్లు. 'B2లో ఉన్న నంబరును ఆ పట్టికలో వెతుకు, దొరికిన చోట మూడో నిలువు వరుసలో ఉన్నది తెచ్చి ఇవ్వు' అని దాని అర్థం. కనీసం రాసినవాడి ఉద్దేశం అది. కంప్యూటరు అర్థం చేసుకున్నది వేరు.

ఆ కేంద్రంలో పాలు పోసేవాళ్లు ఎనభై మంది పైనే. జరిగింది కళ్లకు కట్టాలంటే అంత పట్టిక అక్కర్లేదు. తొమ్మిది మందికి కుదించి, నంబర్లు మార్చి చెబుతాను. పట్టికలో పై నుంచి కిందికి సభ్యత్వ నంబర్లు ఈ వరుసలో ఉన్నాయి: 101, 102, 104, 105, 107, 108, 110, 103, 106. మొదట్లో అన్నీ వరుస ప్రకారమే ఉండేవి. 103, 106 నంబర్ల వాళ్లు గేదెలు అమ్ముకుని మానేశారు. కొన్నాళ్లకు కొత్తగా ఇద్దరు చేరితే ఖాళీగా ఉన్న ఆ నంబర్లే వాళ్లకిచ్చి, వాళ్ల పేర్లు పట్టిక చివర రాశాడు మావాడు. ఎవరైనా చేసే పనే అది. పెద్దావిడ నంబరు 103.

VLOOKUP నంబరును రెండు రకాలుగా వెతకగలదు. మొదటి రకం మనకు అలవాటైనదే: పై నుంచి ఒక్కో గడీ చూసుకుంటూ పోయి, సరిగ్గా అదే నంబరు దొరికితే ఆగడం, దొరక్కపోతే లేదని చెప్పడం. దీన్ని ఖచ్చితమైన పోలిక అందాం. రెండో రకం ఉజ్జాయింపు పోలిక. అడిగిన సంఖ్య ఉంటే అదే, లేకపోతే దానికంటే చిన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది తెచ్చివ్వడం దీని పని. ఏ రకం కావాలో ఫార్ములాలో నాలుగో మాటగా చెప్పాలి. FALSE అంటే ఖచ్చితమైనది, TRUE అంటే ఉజ్జాయింపు. ఏమీ చెప్పకపోతే TRUE అన్నట్టే లెక్క. పైనున్న ఫార్ములాలో నాలుగో మాట లేదు.

ఉజ్జాయింపు అయితే మాత్రం ఏం? పట్టికలో 103 ఉంది కదా, అదే దొరకాలి కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించేది. చిక్కు వెతికే పద్ధతిలో ఉంది. నిఘంటువులో 'మడక' అన్న మాట కోసం మనం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోము. మధ్యకు తెరుస్తాం. అక్కడ 'న' కనిపిస్తే మన మాట ఇంకా ముందుందని తెలుస్తుంది, ఎడమ చేతి పక్కనున్న పేజీలన్నీ వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు తెరుస్తాం. ఇలా సగానికి సగం కొట్టేసుకుంటూ పోతే లక్ష వరుసల పట్టికలోనైనా పదిహేడు చూపుల్లో పని అయిపోతుంది. ఉజ్జాయింపు పోలిక చేసేది ఇదే. కానీ సగం పేజీలను తెరవకుండా వదిలేసే ధైర్యం మనకు ఎక్కడిది? మాటలన్నీ అకారాది క్రమంలో ఉన్నాయన్న నమ్మకం నుంచి వచ్చింది. కుట్టు ఊడి పేజీలు తారుమారైన నిఘంటువులో ఇలా వెతికితే ఉన్న మాట కూడా దొరకదు.

ఇప్పుడు 103 కోసం మన తొమ్మిది వరుసల్లో వెతుకుదాం. మధ్యది అయిదో వరుస. అక్కడ 107 ఉంది. 103 కంటే పెద్దది, కాబట్టి మనకు కావలసింది పైనే ఉండాలి. కింది నాలుగు వరుసలూ కొట్టేయాలి. పెద్దావిడ వివరాలున్న ఎనిమిదో వరుస ఆ కొట్టేసిన భాగంలోనే పోయింది, ఇక దాన్ని ఎవరూ చూడరు. మిగిలిన నాలుగింటిలో రెండోది 102, చిన్నది, కాబట్టి ఇంకొంచెం కిందికి. మూడోది 104, పెద్దది. వెతకడానికి ఇక వరుసలు మిగల్లేదు. 103 కంటే చిన్నవాటిలో చివర చూసింది 102. ఫార్ములా 102వ సభ్యుడి ఖాతా నంబరు తెచ్చి గడిలో పెట్టేసింది. పదిరోజుల పాటు, ఇరవై పూటలా, అదే పని చేసింది.

106 సంగతీ ఇంతే. మధ్యలో 107 అడ్డం పడింది, కింది సగం పోయింది, పై సగంలో 106 కంటే చిన్నదిగా చివర కనిపించిన 105 ఖాతాకు డబ్బు వెళ్లింది.

ఇక్కడ ఒకటి గమనించాలి. 101, 102, 104, 105 నంబర్లు అడిగితే ఫార్ములా సరైన జవాబే ఇస్తుంది, ఎందుకంటే పై సగం వరుస తప్పలేదు. ఫార్ములా రాసినవాడు మొదటి నాలుగైదు గడులు చూసి సరిగ్గానే వస్తోందని నమ్మడానికి కారణం ఇదే. కింది సగంలో ఉన్న 108, 110 విషయం ఇంకా చిక్కు. ప్రోగ్రాం మధ్య వరుసగా దేన్ని ఎంచుకుంటుందనే దాన్ని బట్టి అవి సరిగ్గా రావచ్చు, తప్పుగా రావచ్చు. వరుస తప్పిన పట్టికలో ఉజ్జాయింపు పోలిక ఇచ్చే జవాబుకు ఎవరూ పూచీ పడరు. కొన్ని జవాబులు సరైనవి కావడం ఫార్ములా సరైనదని చెప్పే రుజువు కాదు.

ఇంత ప్రమాదమున్న పద్ధతిని ఎవరూ అడగకుండానే ఎందుకు పెట్టారు? దీని మూలం పన్ను లెక్కల్లో ఉంది. పర్సనల్ కంప్యూటర్ల మీద వచ్చిన మొదటి స్ప్రెడ్‌షీట్ 1979 నాటి విసికాల్క్. దాన్ని డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేశారు. అందులో పట్టిక వెతికే ఫంక్షన్‌ను తన ఆదాయపు పన్ను లెక్క కోసమే చేర్చానని ఫ్రాంక్‌స్టన్ తర్వాత రాశాడు. పన్ను పట్టికలో మీ ఆదాయం అంకెకు అంకె ఉండదు. ఇంత నుంచి ఇంత వరకు ఇంత పన్ను అని శ్లాబులుంటాయి. మీ ఆదాయం ఏ శ్లాబులో పడుతుందో తెలియాలంటే దానికి దిగువనున్న దగ్గరి మెట్టు కావాలి. ఉజ్జాయింపు పోలిక దానికి సరిగ్గా సరిపోతుంది. ఎక్సెల్‌లోని VLOOKUP కూడా ఆ అలవాటునే కొనసాగించింది. గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ కూడా అదే దారిలో నడిచాయి. మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించిన XLOOKUPలో మాత్రం దీన్ని తిరగేశారు. ఏమీ చెప్పకపోతే అది ఖచ్చితమైన పోలికే చేస్తుంది. కానీ పాత ఎక్సెల్‌లో అది ఉండదు, మావాడి కంప్యూటర్లోనూ లేదు.

ఇక పరీక్ష సంగతి. అనుమానం వచ్చిన షీటులో ఏ గడి తప్పో ఎలా తెలుస్తుంది? ఖాతా నంబరును చూస్తే ఏమీ తెలియదు. అది ఎవరిదో ఒకరి నిజమైన ఖాతానే, అంకెలన్నీ సరిగ్గా ఉంటాయి. #N/A లాంటి ఎర్ర జెండా ఏదీ ఎగరదు. ఈ తప్పులో నాకు అన్నిటికన్నా భయంగా అనిపించేది ఇదే, చూపులకు తప్పులా ఉండదు. కాబట్టి ఫార్ములా తెచ్చిన వస్తువును కాకుండా, అది ఏ వరుసకు వెళ్లి తెచ్చిందో అడగాలి. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. అదే ఫార్ములాను పక్క గడిలో రాసి, మూడో నిలువు వరుస బదులు మొదటిది అడగండి. మొదటి నిలువు వరుసలో ఉండేది సభ్యత్వ నంబరే. అంటే 'నువ్వు వెళ్లిన ఇంటి నంబరెంత?' అని అడిగినట్టు. అది మనం పంపిన నంబరుతో కలవాలి.

```
=VLOOKUP(B2,$J$2:$L$10,1)=B2
```

కలిస్తే TRUE, కలవకపోతే FALSE వస్తుంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒక్కటే: పట్టిక హద్దులు, నాలుగో మాట లేకపోవడం, అన్నీ అసలు ఫార్ములాలో ఉన్నట్టే ఉంచాలి. పరీక్షలో FALSE చేర్చి బాగుచేస్తే మనం పరీక్షిస్తున్నది వేరే ఫార్ములా అవుతుంది. ఫోన్లోనే ఇది చెప్పి, చివరి వరుస దాకా లాగమన్నాను. తర్వాత ఆ నిలువు వరుసను ఫిల్టర్ చేసి FALSE వచ్చినవే చూడమన్నాను.

103 వరుసలన్నీ బయటపడ్డాయి. 106 వరుసలూ వచ్చాయి. వాటితోపాటు మేమెవరం ఊహించనిది ఒకటి: 1005 అన్న నంబరు. అలాంటి సభ్యుడే లేడు. ఒక ఉదయం హడావిడిలో 105 కొట్టబోయి సున్నా రెండుసార్లు నొక్కాడు. ఉజ్జాయింపు పోలికకు అదేమీ అభ్యంతరం కాలేదు. పట్టికలో ఉన్నవన్నీ 1005 కంటే చిన్నవే కనుక ప్రతిసారీ కిందికి, ఇంకా కిందికి జరిగి, చివరి వరుసలో ఉన్న 106 దగ్గర ఆగి, ఆ సభ్యురాలి ఖాతా తెచ్చి ఇచ్చింది. అంటే 106 డబ్బు 105కు పోయింది, 105 ఒక పూట డబ్బు 106కు వచ్చింది. 106 ఖాతాలో ఎంతో కొంత పడింది కాబట్టి ఆమె ఇంకా కేంద్రానికి రాలేదు. ఖాతా బొత్తిగా ఖాళీగా ఉన్న పెద్దావిడ మాత్రమే వచ్చింది.

మొత్తం టాలీ అయిందని మావాడు ధైర్యంగా ఉన్నాడు కదా, ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. డబ్బు అంటే లీటర్లను రేటుతో గుణించినది. అందులో సభ్యత్వ నంబరుకు చోటే లేదు. ఎవరి పేరున రాసినా మొత్తం మారదు. కాబట్టి మొత్తం సరిపోవడం ఈ తప్పు గురించి ఏమీ చెప్పదు. సరిచూడాల్సింది మనిషి మనిషికీ విడివిడిగా: ఒక పక్క సభ్యత్వ నంబరు వారీగా SUMIFతో కూడిన డబ్బు, మరో పక్క ఖాతా నంబరు వారీగా కూడిన డబ్బు. ఈ రెండూ ప్రతి సభ్యుడికీ సమానం కావాలి. 103 దగ్గర ఒక పక్క 2,080, ఇంకో పక్క సున్నా ఉన్నాయి.

దిద్దుబాటు చిన్నదే.

```
=VLOOKUP(B2,$J$2:$L$10,3,FALSE)
```

మావాడికి ఇంకో ఆలోచన వచ్చింది, పట్టికను నంబర్ల వరుసలో సర్దేస్తే పోతుంది కదా అని. ఆ రోజుకు 103, 106 సరైపోతాయి, నిజమే. కానీ 1005 అప్పుడూ ఎవరో ఒకరి ఖాతాలో పడుతుంది. పైగా వచ్చే నెల ఇంకొకరు చేరి చివర రాసుకుంటే కథ మొదటికొస్తుంది. సభ్యత్వ నంబరు, సర్వే నంబరు, హాల్ టికెట్ నంబరు లాంటివి పేర్లకు బదులుగా వాడే గుర్తులు. 103కు 102 దగ్గరిది అనడంలో అర్థమే లేదు. దగ్గరితనం అన్న ఊహే లేని చోట ఉజ్జాయింపు పోలిక వాడకూడదు.

అదే షీటులో ఇంకో VLOOKUP ఉంది. దాన్ని కూడా మార్చబోతుంటే ఆపాను. అది రేటు తెచ్చేది. రేటు చార్టులో ఫ్యాట్ 5.0కు 40 రూపాయలు, 5.5కు 44, 6.0కు 48, 6.5కు 52, 7.0కు 56 అని ఉన్నాయి. మిషన్ మీద ఫ్యాట్ 6.3 వస్తుంది, 6.8 వస్తుంది. అవి చార్టులో లేవు. అక్కడ FALSE పెడితే సగం గడుల్లో #N/A వస్తుంది. 6.3కు కావలసింది దిగువ మెట్టయిన 6.0 రేటే, అంటే పన్ను శ్లాబు లెక్కే. అక్కడ TRUE ఉండాలి. అయితే మౌనంగా వదిలేయకుండా TRUE అని రాసిపెట్టమన్నాను, తర్వాత చూసేవాళ్లకు అది మరచిపోయి వదిలింది కాదని తెలియాలి. ఆ చార్టు చిన్న నుంచి పెద్దకు వరుసగా ఉండడం మాత్రం తప్పనిసరి. చార్టు N2 నుంచి N6 దాకా ఉంటే, వరుస తప్పిందో లేదో ఇది చెబుతుంది.

```
=SUMPRODUCT(--(N3:N6<N2:N5))
```

కింది గడి పై గడి కంటే చిన్నదిగా ఉన్న చోట్లను ఇది లెక్కపెడుతుంది. సున్నా రావాలి. ఇదే ఫార్ములాను సభ్యుల నంబర్లకు పెడితే ఒకటి వస్తుంది: 110 కింద 103 ఉన్న చోటు. అంత పెద్ద గందరగోళానికి ఆ ఒక్క మెట్టు చాలింది.

రేటు చార్టులో ఇంకో చిన్న మెలిక ఉంది. ఫ్యాట్ సంఖ్యను నేరుగా కొట్టకుండా రెండు పూటల సగటు లాంటిది లెక్కగట్టి పెడితే, గడిలో 6.5 అని కనిపించేది లోపల దానికి వెంట్రుకవాసి తక్కువగా ఉండొచ్చు. కంప్యూటరు దశాంశాలను రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది, 0.1 లాంటివి అందులో పూర్తిగా ఇమడవు. ఉజ్జాయింపు పోలికకు ఆ వెంట్రుకవాసి చాలు, 6.0 మెట్టుకు జారిపోయి లీటరుకు నాలుగు రూపాయలు తగ్గుతుంది. వెతికే ముందు ROUNDతో ఒక దశాంశానికి సరిచేస్తే ఆ బెడద ఉండదు.

FALSE చేర్చగానే 1005 ఉన్న గడిలో #N/A వచ్చింది. మావాడు కంగారు పడ్డాడు. నిజానికి ఆ షీటు మొదటిసారి నిజం చెప్పిన గడి అదే: 'ఈ నంబరు నా దగ్గర లేదు'. చూడ్డానికి బాగుండదని కొందరు దాన్ని IFERRORతో కప్పి ఖాళీగా చూపిస్తారు. డబ్బు వెళ్లే గడిలో ఆ పని చేయొద్దని గట్టిగా చెప్పాను.

ఖచ్చితమైన పోలిక కూడా అన్నీ పట్టదు. ఒకే నంబరు పట్టికలో రెండుసార్లుంటే అది మొదట కనిపించినదాన్నే ఇస్తుంది. మానేసిన పాత 103 పేరు తీసేయకుండా కొత్త 103ను చివర రాసి ఉంటే, FALSE పెట్టినా పెద్దావిడ డబ్బు పాతవాళ్లకే పోయేది. ఇంటి నంబరు అడిగే పరీక్ష దీన్ని పట్టుకోలేదు, రెండిళ్లకూ నంబరు ఒకటే కదా. దానికి ఇంకో గడి కావాలి.

```
=COUNTIF($J$2:$J$10,B2)
```

ఒకటి వస్తే సరే. సున్నా అయితే సభ్యుడు లేడు, రెండు అయితే ఒకే నంబరు ఇద్దరికి ఉంది. ఒకటి వచ్చినా VLOOKUP #N/A అంటోందంటే సంఖ్య ఒకచోట సంఖ్యగా, ఇంకోచోట అక్షరాలుగా ఉన్నట్టు. COUNTIF ఆ తేడాను పట్టించుకోదు, VLOOKUP పట్టించుకుంటుంది. మరుసటి బిల్లులో అదే జరిగింది. ఒక పూట మావాడు ఊళ్లో లేకపోతే కుర్రవాడు లెక్కలు ఫోన్లో పంపాడు, వాటిని అతికిస్తే నంబర్లు అక్షరాలుగా వచ్చాయి. గడుల మూలల్లో ఆకుపచ్చ త్రికోణాలు కనిపించాయి. వాటిని ఎంచుకుని సంఖ్యలుగా మార్చమన్నాను, ఖాతాలన్నీ వచ్చేశాయి.

ఇంటి నంబరు అడిగే ఆ నిలువు వరుసను మావాడు తీసేయలేదు. దాని పైనున్న గడిలో FALSEలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఫార్ములా రాసుకున్నాడు. ప్రతి పదో రోజూ బ్యాంకుకు పంపే ముందు అక్కడ సున్నా ఉందో లేదో చూస్తాడు. అసలు ఫార్ములాతోపాటు పరీక్షలోనూ FALSE చేర్చాక అది తప్పు నంబర్ల దగ్గర #N/Aగానే కనబడుతుంది కాబట్టి వాటినీ కలిపి లెక్కపెట్టేలా మార్చాం.

102వ సభ్యుడికి ఫోన్ చేసి చెబితే, ఎక్కువ పడిందేమిటా అని ఆయనా అనుకున్నాడట, గేదెకు ఫ్యాట్ పెరిగిందేమోనని ఊరుకున్నాడట. ఆ సాయంత్రం పాలు పోయడానికి వచ్చినప్పుడు 2,080 రూపాయలు తెచ్చి పెద్దావిడ చేతిలో పెట్టాడు.